పాత ఫుటేజీ అన్వేషణ, అనుమతులు: హైదరాబాద్ 1948 డాక్యుమెంటరీల సందర్భంలో

చారిత్రక డాక్యుమెంటరీకి కావలసిన పాత చలనచిత్ర దృశ్యాలను వెతికి పట్టుకోవడం, అవి ఎప్పటివో ఎక్కడివో తేల్చుకోవడం, వాడుకోవడానికి హక్కుదారు నుంచి అనుమతి తెచ్చుకోవడం: ఈ మూడింటినీ కలిపి సినిమావాళ్లు ఆర్కైవ్ పని అంటారు. పెద్ద నిర్మాణ సంస్థల్లో దీనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. రెండు మూడు లక్షల రూపాయల్లో మొత్తం చిత్రం ముగించాల్సిన చోట దర్శకుడో, ఎడిటరో ఈ పనిని నెత్తిన వేసుకుంటారు. ఈ వ్యాసం 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద జరిగిన సైనిక చర్యనూ దాని ముందువెనకల కాలాన్నీ ఉదాహరణగా తీసుకుంటుంది. ఆ కాలంపై తెలుగులో పుస్తకాలు, జ్ఞాపకాలు విస్తారంగా ఉన్నాయి. కదిలే బొమ్మలు మాత్రం చాలా తక్కువ. ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం దేశం బయటే ఉన్నాయి.

ఎవరి కెమెరా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వలస ప్రభుత్వం నడిపిన ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా, ఇండియన్ న్యూస్ పరేడ్ 1946లో మూతపడ్డాయి. స్వతంత్ర ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్‌ను 1948లో నెలకొల్పింది. జనవరి అని కొందరు, ఏప్రిల్ అని కొందరు రాశారు. దాని వార్తాచిత్రం ఇండియన్ న్యూస్ రివ్యూ క్రమం తప్పకుండా థియేటర్లకు చేరడం 1949లో మొదలైందన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. ఈ తేదీలకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, సెప్టెంబరు 13న సైన్యం షోలాపూర్ వైపు నుంచీ విజయవాడ వైపు నుంచీ సంస్థానంలోకి అడుగుపెట్టే నాటికి ప్రభుత్వ వార్తాచిత్ర యంత్రాంగం ఇంకా కుదురుకోలేదు. అందుకే ఆ రోజుల దృశ్యాలకు పరిశోధకులు ముందుగా లండన్ న్యూస్‌రీల్ సంస్థల వైపు చూస్తారు: పాథే, మూవీటోన్, గౌమాంట్, పారమౌంట్. సోమవారం ఒకటి, గురువారం ఒకటి చొప్పున వారానికి రెండు సంచికలు విడుదల చేసిన ఈ సంస్థలకు భారతదేశంలో సొంత కెమెరామన్లో, ప్రతినిధులో ఉండేవారు.

ఈ నిల్వల్లో పెద్ద భాగాన్ని ఇవాళ ఇంట్లో కూర్చునే చూడవచ్చు. బ్రిటిష్ పాథే 2014లో దాదాపు 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టింది. మరుసటి ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ తన నిల్వనూ, మూవీటోన్ నిల్వనూ పెట్టింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటివాటిలోని వలసకాలపు చిత్రాలకు ‘కలోనియల్ ఫిల్మ్’ పేరుతో ఒక ఉమ్మడి కేటలాగ్ ఉంది. ఇండియన్ న్యూస్ పరేడ్ ప్రతులు కొన్ని ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో వలస అధికారుల కుటుంబాలు సరదాకి తీసుకున్న చిన్న గేజి చిత్రాలున్నాయి. రాజకీయ ఘట్టాలు వాటిలో అరుదు. అయితే వీధులు, సంతలు, బండ్లు, బట్టలు కావలసిన ఎడిటర్‌కు న్యూస్‌రీల్ కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

దేశంలో వెతకవలసిన చోట్లు రెండు, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్, ముంబయిలోని ఫిల్మ్స్ డివిజన్ నిల్వ. రెండూ 2022లో ఎన్.ఎఫ్.డి.సి. కిందికి వచ్చాయి. పుణెలో 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేట్ రీళ్లు చాలా కాలిపోయాయి. పాత పుస్తకాల్లో, వ్యాసాల్లో ‘పుణెలో ఉంది’ అని కనిపించే ప్రతి చిత్రమూ ఇంకా అక్కడ ఉందనుకోకూడదు.

వెతకడంలో చిక్కులు

కేటలాగులు రాసినవారు హైదరాబాద్ చూసినవారు కారు. `Hyderabad` అని కొడితే దక్కన్ హైదరాబాద్‌తో పాటు సింధ్‌లోని హైదరాబాద్ కూడా వచ్చిపడుతుంది. దేశ విభజన కాలపు శరణార్థుల దృశ్యాలు సింధ్‌వి కావడానికే అవకాశం ఎక్కువ. `Razakar` అని వెతికితే ఇంకా పెద్ద పొరపాటు జరగవచ్చు. అదే పేరుతో 1971లో తూర్పు పాకిస్తాన్‌లో పనిచేసిన దళాల దృశ్యాలు వస్తాయి. నలుపు తెలుపుల్లో, గరుకు ముద్రణలో, తుపాకులు పట్టిన మనుషులను చూసి ఖాసిం రజ్వీ అనుచరులనుకోవడం తేలిక. రజ్వీ పేరునే `Razvi`, `Rizvi`, `Kasim`, `Qasim` అని నాలుగు రకాలుగా రాశారు. అనుభవజ్ఞులు ఊరి పేరు పక్కన పెట్టి `Nizam`, `Secunderabad`, `Deccan`, `Chaudhuri` అని మనిషితోనో, పక్క ఊరితోనో వెతుకుతారు. ఆ తర్వాత 1948 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా భారతదేశం మీద వచ్చిన ప్రతి సంచికనూ వరసగా చూస్తారు. ఈ రెండో పద్ధతికి ఓపిక కావాలి. అయినా ఫలితం దానితోనే ఎక్కువ, ఎందుకంటే చాలా న్యూస్‌రీళ్లలో హైదరాబాద్ దృశ్యం ‘వార్తల్లో భారత్’ వంటి సాధారణ శీర్షిక కింద పది పదిహేను సెకన్లు వచ్చి పోతుంది.

కేటలాగులో కనిపించే తేదీ సాధారణంగా సంచిక విడుదలైన తేదీ. సంఘటన దానికి వారం, పది రోజుల ముందుది. విమానంలో లండన్‌కు నెగెటివ్ వెళ్లి, కడిగి, కూర్చి, వ్యాఖ్యానం చేర్చేసరికి ఆ సమయం పట్టేది. బ్రిటిష్ విశ్వవిద్యాలయాల ఫిల్మ్ మండలి తయారుచేసిన న్యూస్‌రీల్ డేటాబేస్‌లో సంచికల వారీ వివరాలున్నాయి, కొన్నిటికి కెమెరామన్ పంపిన చీటీలు కూడా దొరుకుతాయి. చీటీ దొరికితే దాన్నే నమ్మాలి. తెర మీద వినిపించే వ్యాఖ్యానం లండన్‌లో కూర్చున్న ఎవరో రాసింది.

విడుదల కాని ముక్కలు మరో సంగతి. న్యూస్‌రీల్ సంస్థలు ఎడిటింగ్‌లో తీసేసిన భాగాలను వేరుగా దాచేవి. వీటికి శబ్దం ఉండదు, తేదీ ఖాళీగానో ఊహగానో ఉంటుంది. కానీ షాట్లు పొడవుగా ఉంటాయి. రెండు సెకన్లకు కోసేసిన లొంగుబాటు దృశ్యం వీటిలో ఇరవై సెకన్లు సాగవచ్చు. తక్కువ డబ్బుతో తీసే చిత్రానికి ఇలాంటి పొడవైన షాట్ ఒక్కటి దొరికితే, పొట్టి షాట్లు ఐదు కొనాల్సిన పని తప్పుతుంది.

బొమ్మ నిజంగా ఆ రోజుదేనా

నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది సెప్టెంబరు 17న. హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయింది 18న. జనం నోట రెండూ కలిసిపోయి 17 అనే తేదీ స్థిరపడింది. లొంగుబాటు దృశ్యం కింద 17 అని వేసిన డాక్యుమెంటరీలున్నాయి. దృశ్యానికి 18 అనే వేయాలన్నది ఇక్కడ అనుసరించిన నిర్ణయం.

ఇంతకంటే తరచుగా కనిపించే పొరపాటు బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్ ఎదుట నిజాం చేతులు జోడించిన బొమ్మ. సైనిక చర్య ముగిసిన మరుక్షణం జరిగినట్టు, అదే లొంగుబాటు అన్నట్టు దాన్ని వాడతారు. నమ్మదగిన ఆధారాలు దాన్ని 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పటిదిగా చెబుతాయి. అయిదు నెలల తేడా కథలో పెద్ద తేడాయే. మొదటిది యుద్ధం ముగింపు. రెండోది అప్పటికే కొత్త ఏర్పాటులో కుదురుకుంటున్న పాలకుడు ఉపప్రధానికి పలికిన స్వాగతం.

న్యూస్‌రీల్ ఎడిటర్లు ఖాళీలు పూరించడానికి పాత నిల్వలోంచి షాట్లు తెచ్చి అతికించేవారు. ‘హైదరాబాద్ వైపు సాగుతున్న ట్యాంకులు’ అన్నది అంతకుముందు ఇంకెక్కడో జరిగిన కవాతు కావచ్చు. తేల్చుకోవడానికి ఒక మార్గం అదే సంస్థ అంతకు ముందు రెండు మూడేళ్లలో విడుదల చేసిన సైనిక దృశ్యాలను తిప్పి చూడటం. అదే షాట్ 1946 సంచికలో కనిపిస్తే వాదన అక్కడితో ముగుస్తుంది. రెండో మార్గం వరస కట్లలో నేల, నీడ, బండి మీద గుర్తులు కలుస్తున్నాయా అని చూడటం. షోలాపూర్ నుంచి నల్దుర్గ్ మీదుగా వచ్చే దారి నల్లరేగడి నేల. ఒక షాట్ ఆ నేల మీదా, తర్వాతి షాట్ ఇసుకలోనా సాగితే రెండోదాన్ని అనుమానించాలి.

అసలు రీలే చేతికి వస్తే అంచును చూడాలి. కొడాక్ తన ఫిల్మ్ అంచున వృత్తం, చతురస్రం, త్రికోణం వంటి చిన్న గుర్తులను ఏడాదికొక కూర్పు చొప్పున ముద్రించేది. ఇరవై ఏళ్లకొకసారి అవే తిరిగి వచ్చేవి. అంటే 1948 గుర్తే 1928లోనూ, 1968లోనూ ఉంటుంది. పైగా అది ఫిల్మ్ తయారైన ఏడాది, చిత్రీకరించిన ఏడాది కాదు. ప్రింటు మీద నెగెటివ్ అంచు కూడా దిగి ఉంటే రెండు వరసలు కనిపిస్తాయి. అప్పుడు ఏది నెగెటివ్‌ది, ఏది ప్రింటుది అన్నది విడదీసి చదవాలి. ఇది ‘ఇంతకు ముందుది మాత్రం కాదు’ అని చెప్పగల సాక్ష్యం, అంతకు మించి కాదు.

హక్కు వేరు, ప్రతి వేరు

చిన్న బడ్జెట్ చిత్రాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డబ్బు రెండు వేర్వేరు వస్తువులకు కడతారు. ఒకటి కాపీరైట్ లైసెన్సు. రెండోది శుభ్రమైన మాస్టర్ ప్రతి. మొదటిది ఉచితమైనా రెండోది కాకపోవచ్చు.

1957 భారత కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రానికి రక్షణ, విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. 1992 సవరణ దాకా అది 50. ప్రభుత్వ కృతులకూ ఇదే లెక్క. 1949లో విడుదలైన ఇండియన్ న్యూస్ రివ్యూ సంచిక 2010 జనవరి 1 నుంచి భారతదేశంలో అందరిదీ. అయితే 1958 జనవరి 21న ఆ చట్టం అమల్లోకి రాక ముందు సినిమాకు ప్రత్యేక వర్గం లేదు. దాన్ని ఫొటోల వరసగానో, కూర్పులో సృజన ఉంటే నాటకీయ కృతిగానో చూసేవారు. అందుకే 1948 నాటి బ్రిటిష్ న్యూస్‌రీల్‌కు భారత్‌లో హక్కు ఎప్పుడు ముగిసిందన్నదానిపై న్యాయవాదులు రెండు మూడు రకాలుగా చెబుతారు. ఫొటోగా లెక్కించినా, చలనచిత్రంగా లెక్కించినా 2008 చివరికల్లా అది ముగుస్తుంది. నాటకీయ కృతి అన్న వాదన, వార్తను ఉన్నదున్నట్టు తీసిన న్యూస్‌రీల్ విషయంలో బలహీనమైనది.

దేశం దాటితే లెక్క మారుతుంది. అమెరికా 1996 జనవరి 1న విదేశీ కృతుల హక్కులను పునరుద్ధరించింది. ఆ రోజుకు సొంత దేశంలో రక్షణ ఉన్న కృతికి అక్కడ సాధారణంగా విడుదల నుంచి 95 ఏళ్లు. అందువల్ల పైన చెప్పిన 1949 సంచిక భారత్‌లో స్వేచ్ఛగా ఉన్నా, అమెరికాలో 2044 చివరి దాకా కాపీరైట్‌లో ఉన్నట్టే లెక్కించాలి. హైదరాబాద్‌లోనూ వరంగల్‌లోనూ మాత్రమే ప్రదర్శించే చిత్రానికి ఇది అడ్డు కాదు. డల్లాస్‌లోని తెలుగు సంఘం ప్రదర్శనకూ, ప్రపంచమంతటా కనిపించే యూట్యూబ్‌కూ ఇది అడ్డే.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. అమెరికా సమాఖ్య ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో తీసిన చిత్రాలకు ఆ దేశంలో కాపీరైట్ లేదు. యూనివర్సల్ న్యూస్‌రీల్ నిల్వను, హక్కులతో సహా, ఆ సంస్థ 1970లో అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చేసింది. మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ భవనంలో పరిశోధకులు సొంత పరికరాలతో చూపు ప్రతులను నకలు చేసుకోవచ్చు. వాషింగ్టన్ పరిసరాల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. కెమెరా, కేబుళ్ల సంగతి తెలిసిన మిత్రుడు ఒక రోజు కేటాయిస్తే స్కానింగ్ సంస్థకు కట్టవలసిన మొత్తం మిగులుతుంది. అదే దృశ్యాలను కొన్ని వ్యాపార సంస్థలు శుభ్రం చేసి సెకన్ల లెక్కన అమ్ముతాయి. అక్కడ కట్టేది సౌకర్యానికే కానీ హక్కుకు కాదు.

శబ్దం మరో పొర. న్యూస్‌రీల్‌లో వినిపించేది చాలావరకు వ్యాఖ్యానమూ, నిల్వ సంగీతమూ. అక్కడికక్కడ రికార్డు చేసిన ధ్వని తక్కువ. సంగీతానికీ, వ్యాఖ్యాన పాఠానికీ రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా వేరే హక్కు ఉండవచ్చు, బొమ్మ హక్కు ముగిసినా అది ముగిసి ఉండకపోవచ్చు. అందుకే చిన్న చిత్రాలు బొమ్మను మూగగా తీసుకుని తమ శబ్దం వేసుకుంటాయి. ఇందులో ఒక నష్టముంది. ఆ వ్యాఖ్యానం గొంతులోని పక్షపాతమే కొన్నిసార్లు చరిత్రకు సాక్ష్యం. అలాంటి చోట ఒక్క వాక్యం ఉంచి, దాన్ని చిత్రంలోనే విమర్శకు పెట్టడం మంచిది. భారత చట్టం 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు, వర్తమాన ఘటనల నివేదనకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. 2012 సవరణతో అది సినిమాలకూ వర్తించింది. చరిత్ర చెప్పడం అన్న మాట ఆ జాబితాలో లేదు. దృశ్యాన్ని కథ నింపడానికి వాడితే ఈ సెక్షన్ నీడ దొరకడం కష్టం.

హక్కుదారు ఎవరో తెలియని చిత్రాలకు 31ఎ సెక్షన్ కింద లైసెన్సు కోరవచ్చు. పత్రికా ప్రకటన, దరఖాస్తు, రాయల్టీ డిపాజిట్ అన్నీ ఉన్న ఈ దారి చిన్న చిత్రం ఖర్చుకు మించుతుంది.

లెక్క వేసే తీరు

ధరలు సంస్థను బట్టి, ఏడాదిని బట్టి మారతాయి కనుక ఇక్కడ ఊహాత్మక రేటు తీసుకుందాం: సెకనుకు 1,000 రూపాయలు, ప్రతి సంస్థ దగ్గరా కనీసం 60 సెకన్లు. కనీస పరిమాణం అన్న ఈ షరతు దాదాపు ప్రతి వ్యాపార ఆర్కైవ్‌లో ఏదో రూపంలో ఉంటుంది. 52 నిమిషాల చిత్రపు రఫ్ కట్‌లో మొదటి సంస్థవి 70 సెకన్లు, రెండోదానివి 22, మూడోదానివి 9 ఉన్నాయనుకుందాం. తెర మీద కనిపించేది 101 సెకన్లు. కట్టేది 70, 60, 60 కలిపి 190 సెకన్లకు, అంటే 1,90,000 రూపాయలు. రెండు, మూడు సంస్థల దృశ్యాల స్థానంలో మొదటి సంస్థలోనే 20 సెకన్ల ప్రత్యామ్నాయం దొరికితే బిల్లు 90,000కు దిగుతుంది. ఆ ప్రత్యామ్నాయం దొరకడం అసాధ్యమేమీ కాదు. న్యూస్‌రీల్ సంస్థలు కొన్ని సందర్భాల్లో ఒకే కెమెరామన్ తీసినదాన్ని పంచుకునేవి. అదే షాట్ వేరే పేరుతో మరో నిల్వలో ఉండవచ్చు.

ఈ లెక్క వేయడం కుదరాలంటే మొదటి రోజు నుంచీ పట్టిక ఉండాలి. ప్రతి షాట్‌కు ఆర్కైవ్ సంఖ్య, మూల టైమ్‌కోడ్, మన టైమ్‌లైన్‌లో మొదలూ చివరా, పొడవు, హక్కు స్థితి నమోదు చేయాలి. ఎడిటింగ్‌కు సంస్థలు వాటర్‌మార్క్‌తో, తెర మీద టైమ్‌కోడ్‌తో చూపు ప్రతి ఇస్తాయి. ఆ అంకెలు అందాన్ని చెడగొడుతున్నాయని ఫ్రేమ్‌ను పెద్దది చేసి అంచులు కోసేసే ఎడిటర్లున్నారు. చివర్లో మాస్టర్ కోసం ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆ అంకెలే కావాలి. అవి పోతే షాట్‌ను మళ్లీ మొదటి నుంచి వెతకాల్సి వస్తుంది. యూట్యూబ్ నుంచి దించుకున్న ఫైళ్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. సంస్థ సంఖ్య లేకుండా, `hyd_final_2.mp4` వంటి పేర్లతో మిగిలిపోయిన షాట్ ఎక్కడిదో ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు.

మాస్టర్ ఆర్డర్ పిక్చర్ లాక్ అయ్యాకే ఇవ్వాలి. ధర, షరతులు మాత్రం రఫ్ కట్ కంటే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. కట్ కుదిరిపోయాక బేరం ఆడే బలం ఉండదు.

లైసెన్సు ఎంతకాలం, ఎక్కడ

మాధ్యమం, భూభాగం, గడువు: ధరను నిర్ణయించేవి ఈ మూడు. ‘అన్ని మాధ్యమాలు, ప్రపంచమంతా, శాశ్వతం’ అన్నది అత్యంత ఖరీదైనది. చిన్న చిత్రాలు ముందు ఉత్సవాలు, విద్యాసంస్థల వరకే కొని, టీవీకో స్ట్రీమింగ్‌కో అవకాశం వస్తే ఎంత అదనంగా కట్టాలో అదే ఒప్పందంలో రాయించుకుంటాయి. ఆ అంకె ముందే లేకపోతే, అవకాశం వచ్చిన నాడు సంస్థ అడిగిందే ధర.

గడువు తెచ్చే ప్రమాదానికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా పౌరహక్కుల ఉద్యమంపై 1987లో ప్రసారమైన ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’. దాని ఫుటేజీ, ఫొటో, సంగీత లైసెన్సులు చాలావరకు 1990ల నడుమ ముగిశాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని ప్రసారం చేయడానికి గానీ, అమ్మడానికి గానీ వీలు లేకపోయింది. ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన ఆరు లక్షల డాలర్ల సాయంతో, మరికొందరి విరాళాలతో హక్కులు మళ్లీ కొన్నాకే 2006లో అది టీవీకి తిరిగి వచ్చింది. ఆ సిరీస్‌కు అలాంటి దాతలు దొరికారు. రెండు లక్షల్లో తీసిన తెలుగు చిత్రానికి దొరుకుతారని లెక్క వేసుకోలేం. కాబట్టి తక్కువ సెకన్లకైనా సరే శాశ్వత గడువు కొనడం, మాధ్యమాన్ని కుదించడం మేలన్నది ఈ వ్యాస సంకలనకర్త అభిప్రాయం. దీనికి భిన్నంగా, ఐదేళ్ల గడువు చాలనే నిర్మాతలూ ఉన్నారు.

ఆర్కైవ్ ఇచ్చేది తన హక్కును మాత్రమే. తెరపై కనిపించే వ్యక్తుల, కళాకృతుల విషయంలో తర్వాత వచ్చే దావాలకు బాధ్యత నిర్మాతదేనని దాదాపు ప్రతి ఒప్పందంలో ఉంటుంది. సక్రమంగా లైసెన్సు తీసుకున్న చిత్రానికి కూడా యూట్యూబ్‌లో ఆటోమేటిక్ కాపీరైట్ క్లెయిం రావచ్చు, ఎందుకంటే సంస్థలు తమ నిల్వను అక్కడి గుర్తింపు వ్యవస్థలో నమోదు చేసి ఉంటాయి. అప్పుడు పనికొచ్చేది లైసెన్సు ఉత్తరమూ, అందులో రాసిన ఆర్కైవ్ సంఖ్యలూ.

లేని దృశ్యాలు

తెలంగాణ సాయుధ పోరాటం గ్రామాల్లో, రహస్యంగా, రాత్రుళ్లు జరిగింది. న్యూస్‌రీల్ కెమెరాలు వెళ్లినవి నగరానికీ, రహదారికీ, సైన్యం వెంటా. దళాల, సంఘాల కదిలే దృశ్యాలు దాదాపు లేవనే చెప్పాలి. ఈ లోటును గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979 అని కొందరు, విడుదలను బట్టి 1980 అని కొందరు) ముక్కలతో పూరించి, పేరు వేయకుండా నలుపు తెలుపుకు మార్చి చూపించే అలవాటు ఉంది. ఆ చిత్రం మీద గౌరవం ఉన్నవారు కూడా ఇది ఒప్పుకోరాదు. అది కాల్పనిక చిత్రం, దానికి బతికున్న కాపీరైట్ ఉంది, చూసేవాళ్లు దాన్ని 1947 నాటి సాక్ష్యంగా తీసుకుంటారు. వాడాలనుకుంటే అనుమతి తీసుకుని, తెర మీద చిత్రం పేరు, ఏడాది వేయాలి.

దీనికంటే నమ్మకమైనవి నిశ్చల ఛాయాచిత్రాలు. కమ్యూనిస్టు పార్టీ పత్రికల కోసం పనిచేసిన సునీల్ జానా తెలంగాణ పోరాటాన్ని ఫొటోలు తీశారు. పాత ఫొటోల రక్షణను మొదట ప్రచురణ తేదీ నుంచి లెక్కించేవారు. 2012 సవరణ తర్వాత ఛాయాగ్రాహకుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. జానా 2012లో మరణించారు కనుక హక్కు ముగిసిందన్న ధీమాతో వాడటం కంటే వారసుల అనుమతి కోరడం క్షేమం. ఫొటోకు సాధారణంగా కట్టేది ఒక్కసారి రుసుము, సెకన్ల లెక్క కాదు. ఒక బొమ్మ మీద కెమెరా ఇరవై సెకన్లు నెమ్మదిగా జరిగినా ధర పెరగదు.

కుటుంబాల దగ్గర దొరికే ఎనిమిది, పదహారు మిల్లీమీటర్ల రీళ్ల విషయంలో రీలు ఎవరి బీరువాలో ఉందన్నది హక్కును తేల్చదు. చట్టం దృష్టిలో చలనచిత్ర కర్త దాన్ని పూనుకుని తీయించిన నిర్మాత. ఇంటి చిత్రాల్లో అది సాధారణంగా కెమెరా కొని తీసిన పెద్దాయనే, ఆయన తర్వాత వారసులందరూ. ఒక్క కొడుకు సంతకం చాలదు. పంపకాల్లో ఎవరికీ ప్రత్యేకంగా రాని ఆస్తి కనుక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి సంతకాలూ ఉన్న ఒక పేజీ ఉత్తరం తీసుకోవడం ఆనవాయితీ. అందులో రీలు స్కాన్ చేసిన ప్రతి ఒకటి కుటుంబానికి ఇస్తామని రాస్తే, చాలా చోట్ల డబ్బు ప్రస్తావన లేకుండానే పని పూర్తవుతుంది.